హోరీ పక్కన సీతారామారావు: ఇద్దరు నాయకుల మీద ఒక వ్యాసం



మా దగ్గర పన్నెండో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు వేరే రాష్ట్రంలో బి.ఏ. మొదటి సంవత్సరంలో ఉంది. వాళ్ల నాన్నగారిది రైల్వే ఉద్యోగం. మీలో చాలామందిలాగే ఆమె కూడా హిందీని బడిలోనూ, తెలుగును ఇంట్లోనూ, మిగతావి పక్కింటి పిల్లల దగ్గరా నేర్చుకుంది. ఈమధ్య ఆమె కాలేజీలో ఒక పని ఇచ్చారు: వేర్వేరు భారతీయ భాషల నవలల నుంచి ఇద్దరు కథానాయకులను తీసుకుని 1500 మాటల్లో పోల్చాలి. ఆమె హిందీ నుంచి ప్రేమ్‌చంద్ 'గోదాన్'లోని హోరీని, తెలుగు నుంచి గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావును ఎంచుకుంది. మొదటి ప్రతి రాసి మాకు పంపి, "సార్, మేడమ్‌గారు దీని మీద ఒక్క ముక్కే రాశారు, పోలిక ఎక్కడ అని. నేను ఇద్దరి గురించీ రాశాను కదా?" అని ఫోన్ చేసింది.

రాసింది, నిజమే. ఆరు పేజీల్లో రెండున్నర పేజీలు హోరీ కథ, రెండున్నర పేజీలు సీతారామారావు కథ. చివరి పేజీలో 'ఈ విధంగా ఇద్దరూ' అంటూ మొదలయ్యే ఒక పేరా. మధ్యలో గీత గీసి కత్తిరిస్తే రెండు విడి వ్యాసాలు వస్తాయి, రెండింటికీ ఏ గాయమూ తగలదు. అదే దానిలోని లోపం. రెండు మూడు వారాల పాటు ఫోన్‌లో మేమిద్దరం ఆ వ్యాసాన్ని విప్పి మళ్లీ కట్టాం. మీరు కూడా రెండు మూడేళ్లలో ఇలాంటిది రాయవలసి వస్తుంది కనుక, ఆ పని ఎలా నడిచిందో చెబుతాం. ఆమె ఇంగ్లీషులో రాసింది. ఇక్కడ వాక్యాలను తెలుగులో చెబుతున్నాం. ఏ భాషలో రాసినా కట్టడం ఒకటే.

నవలలు చదవనివారి కోసం రెండు మాటలు. 'గోదాన్' 1936లో వచ్చింది. హోరీ అవధ్ ప్రాంతంలో బేలారీ అనే ఊళ్లో చిన్న రైతు. ఇంటి ముందు ఒక ఆవు ఉండాలన్నది అతని ఆశ. అప్పు మీద ఆవును తెస్తాడు, అసూయతో తమ్ముడే దానికి విషం పెడతాడు. అక్కడి నుంచి అప్పు మీద అప్పు పెరిగి, చివరకు రైతు కాస్తా కూలీ అయి ఎండదెబ్బకు చనిపోతాడు. 'అసమర్థుని జీవయాత్ర' 1940ల్లో వచ్చిన నవల. సీతారామారావు కలిగిన ఇంట పుట్టినవాడు. వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చనిపోతూ చెప్పిన మాటను పట్టుకుని, అడిగినవారికల్లా ఇచ్చి ఆస్తి పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత ఏ పనిలోనూ నిలవలేక, భార్య ఇందిరను బాధపెట్టి, తనతో తానే వాదించుకుంటూ శ్మశానంలో ముగిసిపోతాడు.

మొదట ఆమెను పోలికల జాబితా రాయమన్నాం. వెంటనే పంపింది. ఇద్దరూ మగవారు. ఇద్దరూ పెళ్లయినవారు. ఇద్దరికీ ఊరితో సంబంధం ఉంది. ఇద్దరూ ఉన్నది పోగొట్టుకున్నారు. ఇద్దరూ చివర్లో చనిపోయారు. ఇద్దరి భార్యలూ బాధపడ్డారు. ఇద్దరూ పరువు కోసం పాకులాడారు.

ప్రతి దాని పక్కన 'అయితే ఏమిటి?' అని రాసి జవాబు చెప్పమన్నాం. ఇద్దరూ పెళ్లయినవారు, అయితే ఏమిటి? ఏమీ లేదు. ఇద్దరూ చనిపోయారు, అయితే ఏమిటి? విషాదాంతాలు అనవచ్చు, కానీ విషాదాంత నవలలు వందల్లో ఉన్నాయి, ఈ రెండే ఎందుకు? ఇలా కొట్టేస్తూ వస్తే ఒక్కటే మిగిలింది. ఇద్దరూ నష్టపోయింది సోమరితనం వల్ల కాదు, జూదం వల్ల కాదు, తాము గొప్పదనుకున్న ఒక విలువ వల్ల. ఆ విలువకు రెండు నవలల్లోనూ పేరుంది. హోరీ దాన్ని మరజాద్ అంటాడు. సీతారామారావుకు అది వంశ ప్రతిష్ఠ.

పోలిక వ్యాసానికి పునాది ఇలాంటిదే కావాలి. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగగలగాలి, ఇద్దరూ వేర్వేరు జవాబులు చెప్పాలి. ఇద్దరూ ఒకే జవాబు చెబితే రాయడానికి ఏమీ ఉండదు. ఒకే ప్రశ్నకు నిలబడలేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఇక్కడ ప్రశ్న ఇది: పరువు కోసం చితికిపోయిన ఈ ఇద్దరి నుంచి ఆ పరువు ధరను ఎవరు వసూలు చేశారు?

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పడతాం, ఎందుకంటే మీలాంటి రెండు మూడు భాషల పిల్లలకే ఇది బాగా కనబడుతుంది. హోరీ నోట వచ్చే మరజాద్ అన్నది మర్యాద అనే మాటకు పల్లె రూపం. దాన్ని చూసి మా విద్యార్థిని తన నోట్సులో తెలుగులో 'మర్యాద' అని రాసుకుంది. తెలుగులో మర్యాద అంటే ముందు గుర్తొచ్చేది చుట్టాలకు కుర్చీ వేసి మంచినీళ్లివ్వడం. హోరీ చెప్పేది అది కాదు. నలుగురిలో తలెత్తుకు తిరగగలగడం, రైతు రైతులా బతకడం. తెలుగులో దానికి పరువు అన్నదే సరైన మాట. పరువు, ప్రతిష్ఠ ఒకటేనా అంటే, వాడుకలో వాటి నడక వేరు. పరువు పోతుంది, తీస్తారు, నిలుస్తుంది. అంటే అది ఎప్పుడూ నలుగురి చేతిలో ఉన్న వస్తువు. ప్రతిష్ఠను నిలబెడతాం, పెంచుతాం. విగ్రహంలాగా అది మనం ఎత్తుకుని మోసేది. ఈ తేడాను ఆమె గమనించిన రోజున వ్యాసం సగం తయారైంది. ఆమె రాసుకున్న మొదటి ప్రధాన వాక్యం ఇది:

'హోరీకి పరువు బయటి నుంచి వచ్చిన ఒత్తిడి, సీతారామారావుకు ప్రతిష్ఠ లోపలి నుంచి వచ్చిన ఒత్తిడి.'

చూడ్డానికి చక్కగా ఉంది. మరీ చక్కగా ఉంది. ఇలా తక్కెడలో తూచినట్టు వచ్చిన వాక్యాన్ని మేము వెంటనే నమ్మం. దాన్ని నవలలోని ఘట్టాల దగ్గరకు తీసుకెళ్లి నిలబెట్టాలి. ప్రతి నాయకుడికీ మూడు ఘట్టాలు చాలు, కానీ అందులో ఒకటి మన వాక్యానికి ఎదురు తిరిగేదై ఉండాలి. అనుకూలమైన మూడు ఏరుకుంటే వ్యాసం వకీలు వాదనలా తయారవుతుంది.

హోరీ నుంచి ఆమె తీసుకున్న మొదటి ఘట్టం పంచాయితీ. కొడుకు గోబర్, విధవ అయిన ఝునియాను గర్భవతిగా ఇంటి దాకా తీసుకొచ్చి, తాను పట్నం పారిపోతాడు. హోరీ, ధనియా ఆ పిల్లను గడప దాటించి లోపలికి తీసుకుంటారు. ఊరి పెద్దలు కూర్చుని 100 రూపాయల నగదు, 30 మణుగుల ధాన్యం జరిమానా వేస్తారు. హోరీ తన ధాన్యాన్ని తానే మోసుకెళ్లి పెద్దల దగ్గర పోస్తాడు. నగదు కోసం ఇల్లు తాకట్టు పెడతాడు. ఇది ఆమె వాక్యానికి సరిగ్గా సరిపోయింది. ఇక్కడ పరువుకు అంకెల్లో ధర ఉంది, వసూలు చేసే మనుషులకు పేర్లు ఉన్నాయి.

రెండోది దారోగా వచ్చిన ఘట్టం. ఆవుకు విషం పెట్టిన తమ్ముడు హీరా పరారయ్యాడు. అతని ఇల్లు సోదా చేస్తానంటాడు దారోగా. హీరా ఇల్లు వేరు, పొయ్యి వేరు, పైగా చేసింది ద్రోహం. అయినా తమ్ముడి ఇంట్లో సోదా అంటే తన ఇంట్లో జరిగినట్టే అనుకుని, హోరీ 30 రూపాయల లంచానికి అప్పు చేయడానికి సిద్ధపడతాడు. ధనియా వచ్చి ఆ డబ్బును నేలపాలు చేసి అందరినీ కడిగేస్తుంది. ఈ ఘట్టం ఆమె వాక్యానికి అడ్డం తిరిగింది. లంచం బేరం కుదిర్చింది ఊరి పెద్దలే, అందులో వాళ్లకూ వాటా ఉంది. కానీ హీరా ఇంటి సోదా తనకు అవమానమని హోరీకి ఎవరూ చెప్పలేదు. అది అతని లోపలే ఉంది. అంటే హోరీది కేవలం బయటి ఒత్తిడి కాదు.

మూడోది ఆమె మొదటి ప్రతిలో ఒక్క వాక్యంగా మాత్రమే ఉంది: చిన్న కూతురు రూపా పెళ్లి. కౌలు బకాయి పడి పొలం పోయే పరిస్థితిలో, వయసు మళ్లిన రామ్‌సేవక్‌కు ఆ పిల్లనిచ్చి, అతని దగ్గర 200 రూపాయలు తీసుకుంటాడు హోరీ. జీవితమంతా కాపాడుకున్న పరువును పొలం కోసం తన చేత్తోనే అమ్ముకున్నాడు. అమ్ముకున్నానని అతనికి తెలుసు కూడా. "ఇది నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు, నీ వ్యాసానికి గుండెకాయ ఇదే" అన్నాం.

ఎందుకంటే ఇప్పుడు సీతారామారావు వైపు చూడండి. అతని దగ్గరకూ అడిగేవాళ్లు వస్తారు. కానీ వచ్చినవాళ్లు జరిమానా వేయరు, పొగిడి తీసుకుంటారు. ఇవ్వనంటే వెలివేసే పంచాయితీ అతనికి లేదు. మరి ఎందుకు ఇస్తాడు? చనిపోయిన తండ్రికి ఇచ్చిన మాట కోసం. చనిపోయిన మనిషి చాలు అనలేడు, లెక్క సరిపోయింది అనలేడు. ఆస్తి ఉన్నంత కాలం ఇస్తాడు. అది పోయాక అడిగేవాళ్లు రావడం మానేస్తారు. మామూలు లెక్కలో ఇక్కడితో బాధ తీరాలి. తీరదు. చేతిలో డబ్బు లేకపోయినా ప్రతిష్ఠ అడుగుతూనే ఉంటుంది. ఉద్యోగం చేయడం చిన్నతనంగా తోస్తుంది, సాయం తీసుకోవడం అవమానంగా తోస్తుంది. తన ఓటమికి సిద్ధాంతాలు అల్లుకుంటాడు. ఆ కోపం ఇందిర మీద పడుతుంది. రూపా పెళ్లి దగ్గర హోరీ చేసిన పనిని, అంటే పరువును ఒక చేత్తో, బతుకును ఒక చేత్తో పట్టుకుని ఏది వదలాలో తేల్చుకోవడాన్ని, సీతారామారావు ఒక్కసారీ చేయలేదు.

ఈ ఘట్టాల తర్వాత ప్రధాన వాక్యం మారింది. ఆమె రెండోసారి రాసింది ఇలా ఉంది:

'ఇద్దరూ పరువును మనసులోనే మోస్తారు. కానీ హోరీ పరువుకు అప్పులవాళ్లు బయట ఉన్నారు కనుక దాని ధర అతనికి తెలుసు, చివరికి దాన్ని అమ్మి పొలాన్ని కాపాడుకోగలిగాడు. సీతారామారావుకు అప్పిచ్చినవాడూ, వసూలు చేసేవాడూ తానే కనుక ఆ అప్పుకు అంకె లేదు, తీరడమూ లేదు.'

మొదటిదాని కంటే పొడుగ్గా ఉంది, అంత అందంగా లేదు. కానీ దీన్ని ఎవరైనా కాదనవచ్చు. కాదనడానికి వీలున్న వాక్యమే వ్యాసాన్ని మోయగలదు. 'ఇద్దరిలో పోలికలూ తేడాలూ ఉన్నాయి' అన్నదాన్ని ప్రపంచంలో ఎవరూ కాదనరు, అందుకే దాని మీద ఏమీ కట్టలేం.

ఇప్పుడు కట్టడం. ఇద్దరు మనుషులను ఒక వ్యాసంలో ఉంచడానికి రెండు మార్గాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి, ముందు ఒకరి గురించి మొత్తం చెప్పి, తర్వాత రెండోవారి గురించి చెప్పడం. రెండు, ఒక్కో అంశం తీసుకుని ఆ అంశంలో ఇద్దరినీ పక్కపక్కన నడిపించడం. మొదటిది తప్పని చాలామంది అంటారు. మేము అలా అనం. వ్యాసం చిన్నదైతే, రెండో మనిషిని చూపించడానికి మొదటి మనిషిని ఒక కొలబద్దగా వాడుకుంటుంటే, అది బాగానే పనిచేస్తుంది. అయితే ఒక షరతు ఉంది. రెండో సగంలో ప్రతి పేరాలోనూ మొదటి మనిషి తిరిగి రావాలి. మా విద్యార్థిని మొదటి ప్రతిలో జరగనిది అదే. హోరీ మూడో పేజీలో చనిపోయాక మళ్లీ ఆఖరి పేజీ దాకా కనిపించలేదు.

1500 మాటల వ్యాసానికి రెండో మార్గమే క్షేమం. మేమిద్దరం వేసుకున్న లెక్క ఇలా ఉంది. మొదలు 150 మాటలు. పరువు ఎవరి నుంచి వచ్చిందన్న అంశానికి 300. ధర ఎవరు వసూలు చేశారన్నదానికి 350, వ్యాసానికి నడుము అదే కనుక. ఇద్దరికీ దగ్గరగా ఉండి 'వద్దు' అన్నవాళ్ల గురించి 250. మన వాదనకు రాగల అభ్యంతరానికి 250. చివర 200. అంశాలు మూడే అని గమనించండి. మొదటి జాబితాలో ఏడున్నాయి. ఏడింటినీ ఇరికిస్తే ఒక్కోదానికి నాలుగు వాక్యాలు కూడా రావు, అన్నీ పేర్లు చెప్పి వదిలేసినట్టవుతాయి.

అంశాల వరుస కూడా ఊరికే పెట్టింది కాదు. వచ్చిన చోటు తెలియకుండా ధర గురించి చెప్పలేం. ధర తెలియకుండా, వద్దన్నవాళ్లు ఎందుకు వద్దన్నారో అర్థం కాదు. పేరాలను తారుమారు చేసినా వ్యాసం ఏమీ మారలేదంటే అందులో వాదన లేదని, ఉన్నది జాబితా అని తెలుసుకోవచ్చు.

ఇక పేరా. అంశాల వారీగా రాసినా ఒక ప్రమాదం తప్పదు. పేరా సగం హోరీ, 'అదేవిధంగా' అని ఒక కీలు, మిగతా సగం సీతారామారావు. పెద్ద ముక్కలు పోయి చిన్న ముక్కలు వచ్చాయి, అంతే. ఆమె రెండో ప్రతిలో ధర గురించిన పేరా ఇలా వచ్చింది: 'పంచాయితీ హోరీకి 100 రూపాయలు, 30 మణుగుల ధాన్యం జరిమానా వేసింది. హోరీ ఇల్లు తాకట్టు పెట్టి దాన్ని కట్టాడు. అదేవిధంగా సీతారామారావు కూడా అడిగినవారికల్లా డబ్బు ఇచ్చి ఆస్తిని పోగొట్టుకున్నాడు.'

దీనికి మేము ఒక పరీక్ష చెప్పాం. ఒక పేరును వేలితో మూసి చదువు. మిగిలినది ఏ లోటూ లేకుండా నిలబడితే ఆ పేరాలో పోలిక లేదు. పై పేరా నిలబడుతుంది. 'అదేవిధంగా' అన్న మాట అబద్ధం కూడా ఆడుతోంది, ఎందుకంటే ఇద్దరూ ఇచ్చింది ఒకే విధంగా కాదు. కాసేపు తర్జనభర్జన పడి ఆమె దాన్ని ఇలా తిరగరాసింది:

'ఇద్దరి ఇళ్లూ ఖాళీ అయ్యాయి, కానీ ఒక ఇంటి లెక్కే మనం చెప్పగలం. బేలారీ పెద్దలు హోరీకి వేసిన జరిమానాకు అంకె ఉంది కనుక, అది ఎంత అన్యాయమైనదైనా, కట్టేశాక ఆ ఒక్క బాకీ తీరుతుంది. అలాంటి అంకె సీతారామారావుకు ఎవరూ చెప్పలేదు. అతను ఎంత ఇస్తే తండ్రి మాట నిలిచినట్టు? నవలలో ఎవరి దగ్గరా దీనికి జవాబు లేదు, అతని దగ్గర కూడా. హోరీ ధాన్యం మోస్తున్నప్పుడు అతని వీపు మీద బరువెంతో ఊరంతటికీ కనబడుతుంది. సీతారామారావు ఇస్తున్నప్పుడు మోస్తున్నట్టే కనబడడు, ఉదారుడిలా కనబడతాడు.'

ఇందులో ఏ పేరు మూసినా పేరా కుంటుతుంది. 'కానీ', 'అలాంటి' అన్న మాటలు వాక్యాలను ఒకదానికొకటి కట్టేస్తున్నాయి. కథ చెప్పడం కూడా ఎంతో తగ్గింది. మాస్టారుగారికి నవల తెలుసు. ఆమెకు కావలసింది ఆ ఘట్టం నీ వాదనలో ఏ పని చేస్తోందన్నది.

వద్దన్నవాళ్ల పేరాలో ఒక చిక్కు వచ్చింది. హోరీ పక్కన ధనియా, సీతారామారావు పక్కన రామయ్య తాత అని ఆమె అనుకుంది. ఆలోచనల ఊబి నుంచి సీతారామారావును జీవితం వైపు లాగాలని చూసే మనిషి రామయ్య తాత. ధనియా దారోగా ముందు డబ్బు విసిరికొట్టిన మనిషి. కనుక ఇద్దరూ పరువు భ్రమ లేనివాళ్లు అని రాసింది. "సోనా పెళ్లి చదివావా?" అని అడిగాం. పెద్ద కూతురు సోనా పెళ్లికి కట్నం అక్కర్లేదని పెళ్లికొడుకు తండ్రి స్వయంగా ఉత్తరం రాయిస్తాడు. హోరీ ఊపిరి పీల్చుకోవలసిన సమయంలో, కాదు, మన పరువు మనం నిలుపుకోవాలి, ఇచ్చి తీరాలి అని పట్టుబట్టేది ధనియాయే. అప్పు చేసి మరీ ఇప్పిస్తుంది.

ఆమె ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సార్, ఇది వదిలేస్తే ఎవరికీ తెలియదు కదా" అంది. తెలియకపోవచ్చు. కానీ ఇది వదిలేస్తే వ్యాసం బలహీనపడుతుంది, రాస్తే బలపడుతుంది. ధనియా పరువును ద్వేషించే మనిషి కాదు, పెద్దలు దోచుకునే పరువును మాత్రమే తిరస్కరించే మనిషి. ఇతరుల ముందు తల వంచకుండా ఇచ్చే పరువు ఆమెకూ కావాలి. అంటే హోరీ ఇంట్లో పరువు గురించి గొడవ పడటానికి మరో మనిషి ఉంది, అదే భాషలో. సీతారామారావుకు అలా లేదు. రామయ్య తాత మాట్లాడేది ఆ భాష కాదు, ప్రతిష్ఠ అన్న ఆటనే ఒప్పుకోని మనిషి భాష. అందుకే అతను వింటాడు, అతనికి ఎక్కదు. ఎదురు తిరిగిన ఘట్టం నుంచే ఆ పేరాకు అసలైన తేడా దొరికింది. ఇందిరకు కూడా ఆ పేరాలో ఒక వాక్యం దక్కింది. ధనియా అరిచి గెలిచిన చోట ఇందిర భరించింది అని.

అభ్యంతరం పేరా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని రాయరు. నాయకుడు మన పక్కింటి మనిషి కాదు, ఒక రచయిత చెబుతున్న తీరులోంచి మనకు కనబడే మనిషి. ప్రేమ్‌చంద్ కథనం బేలారీ నుంచి పట్నం దాకా తిరుగుతుంది, రాయ్ సాహెబ్ బైఠకులోకీ, మిల్లు యజమాని ఇంట్లోకీ వెళుతుంది. అప్పు ఎవరి నుంచి ఎవరికి పాకుతోందో చూపించడానికే ఆ కథనం అలా తిరుగుతుంది. గోపీచంద్ కథనం ఎక్కువ భాగం ఒక మనిషి తలలోనే ఉంటుంది. అప్పుడు ఎవరైనా అడగవచ్చు: హోరీకి అప్పులవాళ్లు బయట ఉన్నారు, సీతారామారావుకు లోపల ఉన్నారు అంటున్నారే, అది మనుషుల తేడానా, లేక కెమెరా పెట్టిన చోటులో తేడానా? గోపీచంద్ కూడా పొగిడి తీసుకున్నవాళ్ల ఇళ్లలోకి వెళ్లి ఉంటే, అక్కడా వసూలు చేసేవాళ్లు కనబడేవారేమో కదా?

ఇది గట్టి ప్రశ్న. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, వ్యాసంలో అలా నటించకూడదు కూడా. ఆమె ఇచ్చిన జవాబు రెండు మెట్లలో ఉంది. కొంత వరకు ఒప్పుకుంది: అవును, కథనం తీరు ఈ తేడాను పెద్దది చేసి చూపిస్తోంది. తర్వాత దారోగా ఘట్టం దగ్గరకు వెళ్లింది. అక్కడ ప్రేమ్‌చంద్ మనల్ని హోరీ మనసులోకి తీసుకెళ్లాడు, అక్కడా హోరీ చేస్తున్నది లెక్కే: సోదా జరిగితే ఎంత పోతుంది, 30 రూపాయలు ఇస్తే ఎంత మిగులుతుంది. సీతారామారావు మనసులో అంతసేపు ఉన్నా మనకు లెక్క వినబడదు, వాదన వినబడుతుంది. కనుక తేడా కథనం వల్ల మాత్రమే వచ్చింది కాదు. ఈ పేరాను ఆమె ముందు మొదట్లోనే పెట్టింది. అప్పటికి వాదనే లేదు కనుక అభ్యంతరం గాలిలో వేలాడింది. మూడు అంశాల తర్వాతకు మార్చాక కుదురుకుంది.

కాలం, కులం, ఆస్తి తేడాల గురించి విడిగా ఒక పేరా కావాలా అని అడిగింది. అక్కర్లేదు. ఒకరు కౌలు కట్టలేని రైతు, ఒకరు ఆస్తి అనుభవించిన ఇంటి బిడ్డ అన్నది ధర పేరాలో తనంతట తానే వస్తుంది. విడిగా పెడితే అది భూగోళ పాఠంలా ఉంటుంది. అయితే ఒకదాని గురించి హెచ్చరించాం. మనకు హోరీ మీద జాలి, సీతారామారావు మీద చిరాకు సహజంగా కలుగుతాయి. మొదటి ప్రతిలో హోరీకి 'పాపం' నాలుగుసార్లు, సీతారామారావుకు 'మూర్ఖంగా' మూడుసార్లు వచ్చింది. మంచివాడెవరు, చెడ్డవాడెవరు అని తీర్పు చెప్పడం మొదలుపెడితే పోల్చడం ఆగిపోతుంది. గోపీచంద్ తన నాయకుడికి పుస్తకం పేరులోనే అసమర్థుడని తీర్పు ఇచ్చేశాడు కనుక, మనం మళ్లీ ఇవ్వడంలో కొత్తదనం కూడా లేదు.

ఆ పేర్ల నుంచే ఆమెకు మొదలు దొరికింది. మొదటి ప్రతి 'ప్రేమ్‌చంద్ హిందీ సాహిత్యంలో గొప్ప రచయిత' అని ప్రారంభమైంది. కొత్త ప్రతి ఇలా మొదలైంది: ఒక నవల పేరు ఒక దానం, ఒక నవల పేరు ఒక మనిషికి వేసిన ముద్ర. రెండింటిలోనూ ఇవ్వడమే నాయకుణ్ణి ముంచింది. ఆ వెంటనే ప్రశ్న, ఆ వెంటనే ప్రధాన వాక్యం. 150 మాటలు దాటలేదు. నిజానికి దీన్ని ఆమె అన్నిటికంటే చివర రాసింది. వాదన తేలకముందు మొదలు రాస్తే అది తర్వాత ఎలాగూ మార్చవలసిందే.

ముగింపు దగ్గర చాలా ఇబ్బంది పడింది. ముందు చెప్పిన మూడు అంశాలను మళ్లీ చెప్పి 'కావున' అని ముగించింది. 200 మాటలు ఖర్చయ్యాయి, కొత్తగా ఏమీ రాలేదు. అప్పటిదాకా వాడని ఒకే ఒక్క జత మిగిలి ఉంది: రెండు మరణాలు. వాటిని మొదటి జాబితాలో కొట్టేశాం, 'ఇద్దరూ చనిపోయారు, అయితే ఏమిటి' అని. ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబుంది.

హోరీ చనిపోయేటప్పుడు కూడా ఒక వసూలుదారు నిలబడి ఉంటాడు. గోదానం చేయించమని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు, పురోహితుడు దాతాదీన్ అక్కడే ఉన్నాడు. ధనియా తాళ్లు పేని అమ్మగా వచ్చిన 20 అణాలు తెచ్చి, ఇంట్లో ఆవూ లేదు, దూడా లేదు, ఉన్నది ఇదే అని భర్త గోదానంగా అతనికి ఇచ్చేస్తుంది. హోరీ లెక్క ఆఖరి అణా దాకా ముగిసింది. సీతారామారావు శ్మశానంలో చనిపోతాడు. అక్కడ అతన్ని అడగడానికి ఎవరూ లేరు, ఇవ్వడానికి అతని దగ్గర ఏమీ లేదు. అయినా వాదన సాగుతూనే ఉంటుంది, తనకూ తనకూ మధ్య.

ఆమె వ్యాసం ఈ రెండు మరణాలతో ఆగిపోయింది, 'కావున' లేకుండా. మొత్తం 1540 మాటలు వచ్చాయి. ఏ 40 తీసేయాలి అని అడిగింది. సోనా పెళ్లి తీసేయనా అంది. అది తప్ప ఏదైనా తీసెయ్ అన్నాం. రెండో పేరాలో సీతారామారావు గురించి ఉన్న ఒక విశేషణాల వాక్యాన్ని తీసేసి, అదే రోజు సాయంత్రం వ్యాసాన్ని అప్పగించింది.